ఒకే వాయిదా, మూడు మెసేజ్‌లు

విజయవాడలో ఇళ్లకు ఇంటీరియర్ పనులు చేయించే ఒక డిజైనర్‌ను ఊహించుకుందాం. జులై 17, గురువారం ఉదయం 11 గంటలకు ఆమె ఒక క్లయింట్ ఫ్లాట్‌కి వెళ్లాలి. వంటగదిలో క్యాబినెట్లు ఎక్కడెక్కడ వస్తాయో ఖరారు చెయ్యాలి, వాటి తలుపులకు లామినేట్ షేడ్ ఎంచుకోవాలి. బుధవారం సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. శాంపిల్స్ ట్రాన్స్‌పోర్ట్‌లో ఆగిపోయాయట, శుక్రవారం మధ్యాహ్నానికి గానీ రావట. శాంపిల్స్ లేకుండా వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు. విజిట్ వాయిదా వెయ్యక తప్పదు.

ఈ ఒక్క వాయిదా ముగ్గురి మీద పడుతుంది. మొదటి మనిషి క్లయింటు. ఆయన్ని రావుగారు అందాం. రిటైరైన పెద్దాయన. డబ్బు పెడుతున్నది డాలస్‌లో ఉన్న కొడుకు, వీడియో కాల్‌లో అతనూ చూడాలి. శ్రావణమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. రెండో మనిషి సైట్ సూపర్‌వైజర్. డిజైనర్‌తో కలిసి పనిచేస్తాడు, కొలతలకు కార్పెంటర్‌ని వెంటబెట్టుకుని రావాల్సింది అతనే. మూడో మనిషి ఆమె ప్రాణస్నేహితురాలు. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ బీసెంట్ రోడ్డులో చీరలు చూసి, బయటే భోంచేసి రావాలనుకున్నారు. విజిట్ శుక్రవారం సాయంత్రానికి జరిగితే ఆ ప్రోగ్రాం పోతుంది.

కంగారులో ఆమె ముగ్గురికీ ఒకటే మెసేజ్ పెట్టిందనుకోండి:

> సారీ, అనుకున్న టైంకి కుదరడం లేదు. ఇంకో రోజు చూద్దాం.

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా ముగ్గురికీ మూడు రకాలుగా తగులుతుంది. రావుగారు చదవగానే ముహూర్తం గుర్తొస్తుంది. ఈవిడ పని మధ్యలో వదిలేస్తుందా, ఇచ్చిన అడ్వాన్సు సంగతేంటి అన్న ఆలోచన మొదలవుతుంది. పది నిమిషాల్లో డాలస్‌లో కొడుకుని నిద్రలేపుతారు. సూపర్‌వైజర్‌కి ఏ సైట్ సంగతో అర్థం కాదు. కార్పెంటర్‌కి ఏం చెప్పాలో తెలియదు, రేపు పొద్దున్న ఎక్కడికి వెళ్లాలో తెలియదు. స్నేహితురాలికి మాత్రం విషయం వెంటనే అర్థమవుతుంది, మనసు మాత్రం చివుక్కుమంటుంది. ఇన్నేళ్ల స్నేహంలో ఇలా ఆఫీసు నోటీసులా ఎప్పుడూ రాయలేదే అనుకుంటుంది.

టైం గురించి రాసే మెసేజ్‌లో మనిషిని బట్టి మారనివి కొన్ని ఉన్నాయి. తారీఖు, వారం, గంట, చోటు. ఇవి క్లయింటుకైనా ప్రాణస్నేహితుడికైనా ఒకేలా, పూర్తిగా ఉండాలి. మారేవి మూడు. టైం ఎంచుకునే శ్రమ ఎవరి మీద పడుతోంది, కారణం ఎంతవరకు చెప్పాలి, అవతలి మనిషి కాదనడానికి ఎంత సందు ఉంది. టోన్ అంటే చాలామంది ‘దయచేసి’లూ ‘సారీ’లూ ఎన్ని పెట్టాలన్న లెక్క అనుకుంటారు. అవి పైమెరుగులే. పనిచేసేవి ఈ మూడూ.

మర్యాద భాషలో ఎలా పనిచేస్తుందన్నదాని మీద పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ పునాది. 1978లో మొదట అచ్చయి, 1987లో విడి పుస్తకంగా వచ్చింది. వాళ్లు తీసుకున్న భాషల్లో మన పక్కింటి తమిళం ఒకటి. కోయంబత్తూరు ప్రాంతపు పల్లెలో జనం మాట్లాడుకునే తీరును లెవిన్‌సన్ దగ్గరుండి గమనించాడు. ఒక మాట ఎంత మెత్తగా అడగాలన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుందని వాళ్లు తేల్చారు. ఇద్దరి మధ్య ఎంత దూరం ఉంది, ఎవరిది పైచేయి, అడుగుతున్నది ఎంత పెద్ద పని. మన డిజైనర్ విషయంలో రావుగారితో దూరం ఎక్కువ, పైచేయి ఆయనదే, అడుగుతున్నదీ చిన్నది కాదు. సూపర్‌వైజర్‌తో దూరం తక్కువ, కానీ పైచేయి ఈమెది. స్నేహితురాలితో దూరమూ లేదు, పైచేయీ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మూడు మెసేజ్‌లూ ఎందుకు వేర్వేరుగా రాయాలో తేలిగ్గా తెలుస్తుంది.

రాసేముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఎవరికి ముందు పెట్టాలన్నది. చాలామంది క్లయింటుతో మొదలుపెడతారు, ముఖ్యమైన మనిషి కదా అని. అక్కడే దెబ్బతింటారు. రావుగారికి శుక్రవారం సాయంత్రం అని చెప్పేశాక, ఆ సాయంత్రం కార్పెంటర్‌కి గుంటూరులో వేరే పని ఉందని తెలిస్తే, రెండోసారి వాయిదా అడగాల్సి వస్తుంది. మొదటి వాయిదాను ఏ క్లయింటైనా అర్థం చేసుకుంటాడు. రెండోది నమ్మకం మీద దెబ్బ. అందుకే ముందు మన మనుషుల్ని అడిగి, టైంలు గట్టి చేసుకుని, ఆ తర్వాతే క్లయింటు దగ్గరికి వెళ్లాలి.

కాబట్టి మొదటి మెసేజ్ సూపర్‌వైజర్‌కి. సాయంత్రం నాలుగున్నరకి:

> శ్రీనుగారూ, రేపు 11 గంటలకి రావుగారి ఫ్లాట్ విజిట్ లేదు. లామినేట్ శాంపిల్స్ శుక్రవారం మధ్యాహ్నానికి వస్తాయట. ఆయనకి రెండు టైంలు ఇద్దామనుకుంటున్నా: శుక్రవారం 18 సాయంత్రం 6:30, లేదా శనివారం 19 ఉదయం 8. మీకూ కార్పెంటర్‌కీ రెండూ కుదురుతాయా? ఒకటే కుదిరితే ఏదో చెప్పండి, అదే ఇద్దాం. శనివారం మరీ పొద్దున్నే అనిపిస్తే మొహమాటపడకండి. ఆరింటికి రావుగారికి ఫోన్ చెయ్యాలి, ఆలోపు చెప్పండి.

ఇందులో పలకరింపులు లేవు, క్షమాపణలూ లేవు. సహోద్యోగికి కావాల్సింది పనికొచ్చే సమాచారం. ఏది ఆగింది, ఎందుకు ఆగింది, తను ఏం తేల్చాలి, ఎప్పటిలోగా తేల్చాలి. కారణం ఇక్కడ పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే ఆ కారణం అతని పనిని కూడా మారుస్తుంది. శాంపిల్స్ శుక్రవారం వస్తాయని తెలిస్తే వాటిని ఆఫీసులో ఎవరు దింపుకోవాలో అతనే చూసుకుంటాడు.

‘మొహమాటపడకండి’ అన్న వాక్యం మీద కాస్త ఆగాలి. పైచేయి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న చాలాసార్లు ప్రశ్నలా వినిపించదు. రాత్రి పదిన్నరకి మేనేజర్ “రేపు 9కి కాల్ పెట్టుకుందామా?” అని రాస్తే, కొత్తగా చేరిన కుర్రాడికి అది ఉత్తర్వే. పిల్లని బడిలో దింపే టైం అయినా “ఓకే సర్” అంటాడు. అడిగినవాళ్లకి ఆ ఇబ్బంది ఎప్పటికీ తెలియదు. అందుకే కింది స్థాయి వాళ్లని అడిగేటప్పుడు కాదనే దారిని అడిగేవాళ్లే వేసి ఇవ్వాలి. “9 కుదరకపోతే పదిన్నరైనా నాకు ఫర్వాలేదు” అని రెండో గంట కూడా రాస్తే చాలు, కుర్రాడు నిజం చెప్పగలుగుతాడు. రాత్రి గుర్తొచ్చిన సంగతి రాత్రే పంపాల్సిన అవసరం కూడా లేదు. మెయిల్‌లో పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్లేలా పెట్టే సదుపాయం ఉంది, దాన్ని వాడుకోవడం తోటివాళ్ల నిద్రకి ఇచ్చే గౌరవం.

ఆఫీసుల్లో రోజూ కనిపించే మరో రెండు అలవాట్ల గురించీ చెప్పాలి. ఒకటి, “హాయ్” అని పంపి జవాబు కోసం కూర్చోవడం. అవతలివాళ్లు చేస్తున్న పని ఆపి “హాయ్, చెప్పండి” అనాలి, మళ్లీ ఎదురుచూడాలి. పలకరింపూ విషయమూ ఒకే మెసేజ్‌లో పంపితే వాళ్లు తీరిక చూసుకుని ఒకేసారి జవాబిస్తారు. రెండోది, పై అధికారి నుంచి వచ్చే “రేపు ఒకసారి మాట్లాడాలి” అన్న మెసేజ్. రాసినవాళ్ల మనసులో ఉన్నది లీవ్ లెక్కల సంగతే కావచ్చు. చదివినవాళ్లకి మాత్రం ఆ రాత్రి నిద్రపట్టదు. “వచ్చే నెల లీవ్‌ల గురించి పది నిమిషాలు మాట్లాడాలి, రేపు 4కి వీలవుతుందా?” అని రాయడానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

సూపర్‌వైజర్ ఐదింటికల్లా రెండు టైంలూ కుదురుతాయన్నాడు. ఇప్పుడు రావుగారు. ఆయన వయసు మనిషికి వాయిదా సంగతి ముందు ఫోన్‌లో చెప్పాలి, ఆ తర్వాతే మెసేజ్. ఫోన్‌లో గొంతు వినబడితే కంగారు తగ్గుతుంది. మెసేజ్ అయితే కొడుక్కి ఫార్వర్డ్ చెయ్యడానికి పనికొస్తుంది, మాట మారకుండా డాలస్ దాకా వెళ్తుంది. ఆ మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> నమస్కారం రావుగారూ. ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, రేపు గురువారం 17 ఉదయం 11 గంటల విజిట్‌ని మార్చాల్సి వస్తోందండి, క్షమించాలి. లామినేట్ శాంపిల్స్ శుక్రవారం మధ్యాహ్నానికి మాకు చేరతాయి. అవి లేకుండా మిమ్మల్ని రప్పించి, మళ్లీ ఇంకోసారి రమ్మనడం బాగుండదని ఇలా అడుగుతున్నాను.
>
> ఈ రెండింట్లో మీకేది వీలుగా ఉంటుందండీ?
>
> శుక్రవారం 18, సాయంత్రం 6:30 (డాలస్‌లో అదే శుక్రవారం ఉదయం 8)
>
> శనివారం 19, ఉదయం 8 (డాలస్‌లో శుక్రవారం రాత్రి 9:30)
>
> శనివారమైతే పగటి వెలుతురులో షేడ్ సరిగ్గా తెలుస్తుంది. ముప్పావుగంటలో అయిపోతుంది. కార్పెంటర్ పని ముందు అనుకున్నట్టే 21, సోమవారం మొదలవుతుంది, గృహప్రవేశానికి ఏ ఇబ్బందీ ఉండదు. రేపు మధ్యాహ్నం 12 లోపు ఏదో ఒకటి చెప్తే ఆ టైం మీకే ఉంచుతాను.

ఎంచుకునే శ్రమ దాదాపు అంతా ఇక్కడ డిజైనర్ మోసింది. “మీకు ఎప్పుడు వీలో చెప్పండి, నేను ఎప్పుడైనా రెడీ” అనడం పైకి చాలా వినయంగా కనిపిస్తుంది. నిజానికి అది భారాన్ని అవతలికి నెట్టడం. పెద్దాయన క్యాలెండర్ చూడాలి, కొడుకుని అడగాలి, డాలస్ టైం లెక్కవేయాలి, తీరా ఒక టైం చెప్తే అప్పుడు ఈమెకి కుదరకపోవచ్చు. రెండు టైంలు ఇస్తే ఒకటి చూపించడమే ఆయన పని. మూడు ఇచ్చినా ఫర్వాలేదు. ఐదు ఇస్తే మళ్లీ తికమక.

డాలస్ టైం పక్కనే రాయడం కూడా ఆ శ్రమలో భాగమే. జులైలో మన గడియారం డాలస్ కంటే పదిన్నర గంటలు ముందుంటుంది. మనకి శనివారం ఉదయం 8 అంటే అక్కడ ఇంకా శుక్రవారం రాత్రే. ‘శనివారం’ అని మాత్రమే రాస్తే కొడుకు ఒక రోజు తర్వాత కాల్‌కి కూర్చుంటాడు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు జరుపుతారు. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు అవుతుంది. వారం వారం ఒకే టైంకి కాల్ పెట్టుకునేవాళ్లు ఈ రెండు ఆదివారాల ముందు ఒక మెసేజ్ తప్పకుండా పంపాలి. అక్కడివాళ్లకి రాసేటప్పుడు ‘రేపు’, ‘ఎల్లుండి’ వాడకపోవడమే మేలు, వాళ్ల రేపు మన రేపు కాదు. ఊళ్లో ఉన్నవాళ్లతో కూడా ‘వచ్చే శుక్రవారం’ అంటే ఈ వారమా, పై వారమా అన్న గొడవ ఉండనే ఉంది. రాత్రి 12 గంటలంటే ఏ తారీఖు కిందికి వస్తుందన్నది ఇంకో గొడవ. తారీఖూ వారమూ రెండూ రాస్తే ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది. పొరపాటున 18 శనివారం అని రాసినా చదివినవాళ్లు పట్టేస్తారు, అడుగుతారు.

కారణం సంగతి చూడండి. శాంపిల్స్ ఆలస్యం అన్నది ఒక్క వాక్యంలో తేల్చేసింది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుతో ఎంత గొడవపడిందో, డ్రైవర్ ఫోన్ ఎత్తలేదో రాయలేదు. క్లయింటుకి కారణం కంటే దాని ఫలితం ముఖ్యం. ఆయన మనసులో ఉన్న అసలు ప్రశ్న గృహప్రవేశం. అందుకే సోమవారం పని మొదలవుతుందన్న మాట అడగకముందే చెప్పింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా మెసేజ్ ఎంత మర్యాదగా ఉన్నా ఆయనకి ఊరట ఉండదు. ఒకవేళ నిజంగానే పని వెనక్కి పోతుంటే ఆ సంగతీ ఇక్కడే, ఎన్ని రోజులో లెక్కతో చెప్పాలి. దాచిపెట్టి తర్వాత చెప్తే వాయిదా కంటే అదే ఎక్కువ బాధపెడుతుంది. క్షమాపణ ఒక్కసారి చాలు. నాలుగుసార్లు చెప్తే ఏదో పెద్ద తప్పు దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది.

మాటల వరసలోనూ ఒక సంగతి ఉంది. మనవాళ్లు మర్యాదగా రాయాలనుకోగానే ‘దయచేసి హాజరు కాగలరు’, ‘తమరి అమూల్యమైన సమయం’ అంటూ ఆహ్వానపత్రిక భాషలోకి వెళ్లిపోతారు. ఆ భాష గోడమీద అంటించే నోటీసుకి బాగుంటుంది. మనిషికి మనిషి రాసేటప్పుడు తెలుగులో మర్యాద అంతా క్రియ చివర ఉంటుంది. ‘చెప్పండి’, ‘వీలుగా ఉంటుందండీ?’ అంటే చాలు, అందులో గౌరవమూ ఉంది, మనిషి గొంతూ ఉంది.

బయటికి కనిపించని జాగ్రత్త ఒకటి డిజైనర్ తీసుకుంది. శుక్రవారం ఉదయం 11 ఇవ్వలేదు, శనివారం తొమ్మిదిన్నరా ఇవ్వలేదు. శుక్రవారం పదిన్నర నుంచి 12, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం అని చాలా ఇళ్లలో లెక్క. కొత్తింటి పని ఖరారు చేసే మాట ఆ టైంలో మాట్లాడటం పెద్దవాళ్లకి ఇష్టం ఉండదు, అలాగని కాదని చెప్పడానికీ మొహమాటం. శనివారం 8కి మొదలుపెట్టి ముప్పావుగంటలో ముగిస్తే తొమ్మిదిలోపు అయిపోతుంది. ఈ సంగతి మెసేజ్‌లో రాయాల్సిన పని లేదు. మన నమ్మకం ఏదైనా కావచ్చు, క్లయింటు వద్దనుకునే టైం ఆయన చేత వద్దనిపించకుండా ముందే తప్పించడం మర్యాద.

ఇక స్నేహితురాలు. ఇక్కడ చాలామంది పూర్తిగా తేలేదాకా ఆగుదాంలే అనుకుంటారు. రావుగారు శనివారం అంటే అసలు చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా అని. నా ఉద్దేశంలో అది స్నేహితుల పట్ల మనం రోజూ చేసే అన్యాయం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ‘రాలేనే’ అంటే, ఆమె అప్పటికే అత్తగారిని పిల్లాడి దగ్గర ఉండమని ఒప్పించుకుని ఉంటుంది. అనుమానం పుట్టిన రోజే చెప్పాలి:

> ఒసేయ్, శుక్రవారం సాయంత్రం మన ప్రోగ్రాం డౌట్‌లో పడింది. శాంపిల్స్ లారీలో ఇరుక్కుపోయాయి, రేపటి క్లయింట్ విజిట్ మార్చాల్సొచ్చింది. ఆయన శుక్రవారం సాయంత్రం అంటే నేను ఎనిమిదిన్నర దాకా బయటపడను. శనివారం అంటే మన సాయంత్రం మనదే. రేపు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తేల్చి చెప్తా. పోతే మటుకు ఆదివారం 20 సాయంత్రం 5, బీసెంట్ రోడ్, ఇంకేం పెట్టుకోకు. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాం, నాకే ఏడుపొస్తోంది.

కారణం ఇక్కడ విడమర్చి చెప్పింది. స్నేహంలో కారణమే సంజాయిషీ, ‘పని పడింది’ అని కొట్టిపారేస్తే తలుపు వేసేసినట్టు ఉంటుంది. క్లయింటు పేరు మాత్రం రాయలేదు, ఎంత దగ్గరవాళ్లకైనా ఆ సంగతులు చెప్పనక్కర్లేదు. టైం ఎంచుకోమని అడగలేదు, తనే తేల్చేసింది. ‘ఇంకేం పెట్టుకోకు’ అన్నది రావుగారికి రాస్తే అవమానం, స్నేహితురాలికి రాస్తే ప్రేమ. ఇదే మనిషికి “మీకు వీలైతే ఆదివారం కలవగలమేమో దయచేసి తెలియజేయండి” అని రాస్తే, కోపం వచ్చిందా ఏంటి అని వెంటనే ఫోన్ చేస్తుంది. దగ్గరివాళ్ల దగ్గర మర్యాద ఎక్కువైతే అది దూరంగా వినిపిస్తుంది.

అయితే చనువు గొంతులో ఉండాలి, వివరాల్లో ఉండకూడదు. స్నేహితుల మధ్య ప్రోగ్రాంలు చెడేది ఎక్కువగా ఇక్కడే. “ఆదివారం కలుద్దాం” అంటే ఒకరు మధ్యాహ్నం భోజనానికి అనుకుంటారు, ఇంకొకరు సాయంత్రం కాఫీకి అనుకుంటారు. ‘సాయంత్రం’ అన్నా అంతే, నాలుగు నుంచి ఏడున్నర దాకా ఎప్పుడైనా కావచ్చు. కాలేజీ బ్యాచ్ గ్రూపుల్లో “ఒకసారి అందరం కలవాలిరా” అన్న మాటకి యాభై చప్పట్ల బొమ్మలు వస్తాయి, తారీఖు మాత్రం రాదు. అక్కడ ఎవరో ఒకరు చొరవ తీసుకుని వాట్సాప్ పోల్‌లో రెండు తారీఖులు పెట్టి, ఫలానా రాత్రికి ఓటింగ్ ముగుస్తుందని రాయాలి. స్నేహంలో ఆ మాత్రం గట్టిదనాన్ని ఎవరూ తప్పుపట్టరు, అందరూ దానికోసమే చూస్తుంటారు.

చిక్కంతా ఒకే మనిషి రెండు వరసల్లో ఉన్నప్పుడు వస్తుంది. స్నేహితురాలే తన ఇంటి ఇంటీరియర్ పని ఇచ్చిందనుకోండి. పొద్దున్నుంచి ‘ఒసేయ్’ అనుకునే మనిషికి సైట్ విజిట్ గురించి ‘నమస్కారమండీ’ అని రాయలేం. అలాగని పండగ పిండివంటల కబుర్ల మధ్యలో ‘శనివారం వస్తాలే’ అని వదిలేస్తే, ఆ శనివారం గాలిలో కలిసిపోతుంది, పని ఆగితే డబ్బు మాట వస్తుంది, స్నేహమూ బెసుకుతుంది. ఇలాంటి చోట పని మెసేజ్ విడిగా పంపడం మంచిది. గొంతు పాతదే ఉంచి, వివరాలు క్లయింటుకి ఇచ్చినంత పక్కాగా ఇవ్వాలి: “ఇది నీ ఇంటి పని సంగతి. శనివారం 19 ఉదయం 10, ఎలక్ట్రీషియన్‌తో వస్తా, గంట పడుతుంది. మీ ఆయన కూడా ఉండాలి, స్విచ్‌లు ఎక్కడో ఆయనే తేల్చాలి.” కబుర్లు ఇంకో మెసేజ్‌లో.

పంపడంతో సగం పనే అయినట్టు. వచ్చిన జవాబు చదవడం రెండో సగం. రావుగారు “ఓకే అమ్మా” అని మాత్రమే పంపితే, రెండు టైంల్లో దేనికి ఓకేనో తేలలేదు. చాలామంది దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని ఊరుకుంటారు. తీరా శుక్రవారం సాయంత్రం ఆయన ఫ్లాట్ దగ్గర ఒక్కరే నిలబడి ఫోన్ చేస్తారు. “శనివారం ఉదయం 8 అని రాసుకోమంటారాండీ?” అని ఒక్క ప్రశ్న వెంటనే అడగాలి. “చూద్దాం లేమ్మా” అని వస్తే మన భాషలో అది చాలాసార్లు ‘వద్దు’కి దగ్గర మాట, నొచ్చుకున్నారని అర్థం. దానికి ఇంకో మెసేజ్ మందు కాదు, ఫోన్ చెయ్యాలి, వీలైతే వెళ్లి కలవాలి. సహోద్యోగి రెండు ప్రశ్నలున్న మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెడితే, చూశాడనే తెలుస్తుంది, దేనికి సరేనన్నాడో తెలియదు. స్నేహితురాలు “నీ ఇష్టం” అని రెండు ముక్కలు రాస్తే, అక్కడ ఇష్టం లేదు. ఆ రాత్రి పావుగంట మాట్లాడాల్సిందే.

గురువారం పదకొండింటికి రావుగారు జవాబిచ్చారు. కొడుకుతో మాట్లాడారట, శనివారం ఉదయం బాగుంటుందట. డిజైనర్ అదే నిమిషంలో ఖాయం చేసింది: “సరేనండి. శనివారం 19, ఉదయం 8 గంటలకి ఫ్లాట్ దగ్గరే కలుద్దాం. శాంపిల్స్ నేను తెస్తాను. శుక్రవారం సాయంత్రం ఒకసారి గుర్తుచేస్తాను, వీడియో కాల్ లింక్ కూడా అప్పుడే పంపుతాను.” ఆ వెంటనే స్నేహితురాలికి: “శుక్రవారం మనదే! ఆరింటికి మీ వీధి చివర ఉంటా.” చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఇంకో మనిషి రెండు టైంలు ఆపుకుని కూర్చున్నాడన్న సంగతి మర్చిపోతారు. ఎంచుకోని టైంని వదిలేశామని చెప్పకపోతే అతను శుక్రవారం సాయంత్రం ఇంకే పనీ ఒప్పుకోడు, కార్పెంటర్‌కి ఆ పూట కూలీ పోతుంది:

> శ్రీనుగారూ, రావుగారు శనివారం 19 ఉదయం 8 ఖాయం చేశారు. శుక్రవారం సాయంత్రం మీకూ కార్పెంటర్‌కీ ఖాళీ, ఇంకో పని ఉంటే ఒప్పుకోమనండి. శనివారం టేపు, లెవెల్ మర్చిపోకండి.